చాటున అన్న మాట చెవిన పడితే: స్నేహితురాలితో ఆ విషయం ఎలా ఎత్తాలి

మీ గురించి మీ స్నేహితురాలు ఇంకొకరితో అంటున్న మాట మీ చెవిన పడింది. మీరు విన్నారని ఆమెకు తెలియదు. ఇలాంటప్పుడు చాలామంది రెండింట్లో ఒకటి చేస్తారు. కొందరు ఏమీ విననట్టే ఉండిపోతారు. కానీ మర్నాటి నుంచి ముక్తసరిగా జవాబులిస్తూ, ఏమైందని అడిగితే "ఏం లేదు" అంటారు. ఇంకొందరు అక్కడికక్కడే తలుపు తోసుకుని వెళ్ళి "నా గురించేనా?" అని అడిగేస్తారు. అప్పుడు మిగిలేది గొడవే, అసలు విషయం ఎటో కొట్టుకుపోతుంది. వీటికంటే పనికొచ్చే పద్ధతి ఒకటుంది. ఒకటి రెండు రోజులు ఆగి, విన్నానని చెప్పి, ఇకమీదట ముందు నాతోనే అనమని అడగడం. అదెలాగో ఊహించిన ఉదాహరణ ఒకటి పట్టుకుని చూద్దాం.

సరిత, మాధవి డిగ్రీలో క్లాస్‌మేట్స్. ఇప్పుడు ఉద్యోగాల కోసం హైదరాబాద్‌లో, కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ తీసుకుని ఉంటున్నారనుకోండి. ఒక రాత్రి సరిత మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చింది. వెనక బాల్కనీలో మాధవి బట్టలు ఆరేస్తూ, ఇద్దరికీ స్నేహితురాలైన శైలజతో ఫోన్లో మాట్లాడుతోంది. "సరుకులన్నీ నేనే తెస్తున్నానే. ఏ పని చెప్పినా తర్వాత చేస్తానంటుంది. ఏమన్నా అంటే మొహం మాడ్చుకుంటుంది. ఎందుకొచ్చిన గోల అని నేనే చేసేసుకుంటున్నా." సరిత సీసా అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళిపోయింది.

ముందు, విన్నది విన్నట్టు రాసుకోండి

ఆ రాత్రే, పడుకునే ముందు, మీ చెవిన పడ్డ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు ఫోన్లోనో కాగితం మీదో రాసి పెట్టుకోండి. ఇది ఫిర్యాదు చిట్టా కాదు, ఎవరికీ చూపించేది కాదు. రెండు రోజులు మనసులో నలిగితే మాటలు మారిపోతాయి కాబట్టి రాయమంటున్నాను. "మొహం మాడ్చుకుంటుంది" అన్న మాట మూడో రోజుకి "నాతో వేగలేకపోతున్నానంది" అవుతుంది, వారానికి "నన్ను వదిలించుకోవాలని చూస్తోంది" అవుతుంది. మీరు వెళ్ళి ఆ చివరి మాట పట్టుకుని అడిగితే, ఆమె "నేనలా అనలేదు" అంటుంది. అది నిజం కూడా. అక్కడితో మీ మాటకు విలువ పోతుంది.

రాసుకున్నాక కింద ఇంకో రెండు మూడు లైన్లు రాయండి. విన్న మాటకు మీరు కల్పించుకున్న అర్థం ఏమిటో. సరిత విన్నది "సరుకులన్నీ నేనే తెస్తున్నా" అని. ఆమె మనసులో పడింది మాత్రం "నేను డబ్బు ఎగ్గొడుతున్నానని చెబుతోంది" అని. మాధవి డబ్బు మాటే ఎత్తలేదు. ఈ రెండూ పక్కపక్కన రాసి చూసుకుంటేనే తేడా కనబడుతుంది.

ఫోన్లో మాటలైతే ఇంకో చిక్కు. మీరు విన్నది ఒక వైపే. అటువైపు నుంచి శైలజ "మీ ఇద్దరికీ పనుల దగ్గర గొడవలు రావా?" అని అడిగి ఉండొచ్చు, దానికి జవాబుగా ఈ మాటలు వచ్చి ఉండొచ్చు. అడిగితే చెప్పిన మాటకి, పనిగట్టుకుని ఫోన్ చేసి చెప్పిన మాటకి బరువు ఒకటి కాదు. ఏది జరిగిందో మీకు తెలియదు. తెలియదన్న సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

అడగాల్సిన విషయమేనా అని చూసుకోండి

చెవిన పడ్డ ప్రతి మాటనీ పంచాయితీకి పెట్టనక్కర్లేదు. "దాని చీరల సెలక్షన్ నాకు నచ్చదు" లాంటివి విని వదిలేయవచ్చు, వాటి మీద మీరు చేయగలిగిందీ లేదు, ఆమె మీకు చెప్పి తీరాల్సిందీ లేదు. నా లెక్క ఇది: ఆ విషయం మీ ఇద్దరి మధ్య రోజూ వస్తూ ఉండేదైతే, మీకు తెలిస్తే మీరు మార్చుకోగలిగేదైతే, అడగాలి. సరుకులు, పనులు, అప్పు తీసుకుని తిరిగివ్వకపోవడం, అన్నిచోట్లకీ ఆలస్యంగా రావడం, నలుగురిలో మాటకు అడ్డుపడటం ఈ కోవలోవి.

ఆమె బయటపెట్టింది మీరు నమ్మి చెప్పిన రహస్యమైతే, లేదా మీ కులం, రంగు, ఇంటి పరిస్థితి మీద వెటకారమైతే, ఈ పద్ధతి సరిపోదు. అక్కడ ఆమె చేసిందే తప్పు. ఈసారి నేరుగా చెప్పమని అడిగే ప్రశ్నే రాదు.

ఇంకొకటి. మీరు ఎలా విన్నారో కూడా నిజాయితీగా చూసుకోండి. నీళ్ళకు వెళ్తే వినబడటం వేరు. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ తీసి వాట్సాప్ చదవడం వేరు. రెండోదైతే మీరు అడగాలనుకున్న మాటకంటే ముందు క్షమాపణ చెప్పుకోవాల్సిన పని ఒకటుంది. అది దాటేసి వెళ్తే, "నా ఫోన్ ఎందుకు ముట్టుకున్నావ్" దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. ఆగాలి కూడా.

ఆ మాటలో నిజమెంతో లెక్క చూడండి

ఎక్కువమంది దాటేసేది ఈ మెట్టే. మాట్లాడేందుకు వెళ్ళేముందు, ఆమె అన్నది నిజమో కాదో మీరే ఒకసారి లెక్క తీయండి.

సరిత ఫోన్‌పేలో పాత లావాదేవీలు తీసి చూసిందనుకోండి. నెలకు సరుకుల ఖర్చు ఐదారు వేలు. నెలాఖరుకి మాధవి బిల్లుల ఫొటోలు పెడుతుంది, సరిత సగం డబ్బు ఆ రాత్రే పంపేస్తుంది. పైసా బాకీ లేదు. ఇక్కడితో ఆపేస్తే సరితకి కోపం ఇంకా పెరుగుతుంది, "నా వాటా నేను ఇస్తూనే ఉన్నాను కదా" అని. కానీ ఆ బిల్లుల్నే ఇంకోసారి చూస్తే వేరే సంగతి కనబడుతుంది. అన్ని బిల్లులూ మాధవి పేరు మీదే ఉన్నాయి. అంటే ఏం అయిపోయిందో చూసుకున్నది ఆమె, ఆఫీసు నుంచి వస్తూ దుకాణం దగ్గర దిగింది ఆమె, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి బియ్యం మూట ఎక్కించే మనిషిని బతిమాలింది ఆమె. గ్యాస్ సిలిండర్ వచ్చే రోజు ఇంట్లో ఉండేందుకు పర్మిషన్ పెట్టుకున్నదీ ఆమే. డబ్బు దగ్గర సరిత బాకీ లేదు. తిరిగిన తిరుగుడు దగ్గర చాలా ఉంది.

కలిసి ఉండేవాళ్ళ మధ్య గొణుగుడు చాలావరకు ఇలాంటి చోటే పుడుతుంది. డబ్బుకు లెక్క ఉంటుంది, గుర్తుపెట్టుకుని చేసే పనికి లెక్క ఉండదు. ఆ పని చేసే మనిషికి తను చేస్తున్నట్టు తెలుసు, ఎలా చెప్పాలో మాత్రం తెలియదు. చెబితే చిన్న విషయానికి సాధిస్తున్నట్టు ఉంటుందని బెంగ.

లెక్క చూశాక ఆమె మాటల్ని మూడు కుప్పలు చేయండి. నిజం, కొంత నిజం, నిజం కానిది. సరితకి ఇలా తేలింది. "సరుకులన్నీ నేనే తెస్తున్నా" నిజం. "ఏ పని చెప్పినా తర్వాత చేస్తానంటుంది" కొంత నిజం, ఎందుకంటే వంట, గిన్నెలు సరితే చూస్తుంది. "ఏమన్నా అంటే మొహం మాడ్చుకుంటుంది" అన్నదాని దగ్గర మాత్రం ఆగిపోయింది. మన మొహం మనకు కనబడదు కదా.

మాధవి ఇన్నాళ్ళూ నేరుగా ఎందుకు చెప్పలేదో ఆ మూడో మాటే చెబుతోంది. చాటున అన్న మాటల్లో ఇలాంటి వాక్యం ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది: "చెబితే ఏడుస్తుంది", "వాడికి చెప్పినా ఒకటే, జోక్ చేసి దాటేస్తాడు", "అంటే మళ్ళీ నాలుగు రోజులు మాట్లాడదు". బాధ కలిగించేది మిగతా మాటలే అయినా, మీరు పట్టుకోవాల్సింది ఈ వాక్యాన్ని. మీరు అడగబోయేది నేరుగా చెప్పమని. నేరుగా చెప్పడానికి అడ్డమేమిటో ఆమె అప్పటికే చెప్పేసింది, శైలజకి.

చెడు మాట సొంతదారుకి చెప్పడానికి మనుషులు వెనకాడతారన్నది కొత్త సంగతేం కాదు. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ రోజెన్, ఏబ్రహాం టెస్సర్ అనే సైకాలజిస్టులు 1970లో దీని మీద ఒక ప్రయోగం ప్రచురించారు. పక్క మనిషికి ఇంటి నుంచి ఫోన్ వచ్చిందని, వెంటనే చేయమన్నారని చెప్పే పని కొందరికి అప్పగించారు. మంచి వార్త అని తెలిస్తే ఆ సంగతి కూడా కలిపి చెప్పారు ఎక్కువమంది. చెడు వార్త అని తెలిస్తే మాత్రం ఫోన్ చేయమన్నారని చెప్పి, అది ఎలాంటి వార్తో మింగేసినవాళ్ళు పెరిగారు. ఆ వార్తకి కారణం వాళ్ళు కాదు, అయినా చెప్పలేకపోయారు. ఇక ఒకే ఇంట్లో ఉంటూ, పొద్దున్నే లేచి మొహం చూసుకోవాల్సిన స్నేహితురాలికి "నువ్వు పని చేయట్లేదు" అని చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోండి. మన మొహమాటం దానికి తోడు.

ఎప్పుడు, ఎక్కడ

ఒకటి రెండు రాత్రులు గడవనివ్వండి, వారం దాటనివ్వకండి. వారం దాటితే మీ ప్రవర్తనలో మార్పు ఆమెకు తెలిసిపోతుంది, అప్పుడామె తనకు తోచిన కారణం ఏదో ఊహించుకుంటుంది.

ఈ లోపల శైలజ జోలికి వెళ్ళకండి. "మాధవి నీతో నా గురించి ఏమైనా అందా?" అని అడిగారంటే, పది నిమిషాల్లో మాధవికి ఫోన్ వెళ్తుంది. పైగా మీరు కూడా ఆమె చేసిన పనే చేసినట్టు.

వాట్సాప్‌లో రాసి పంపడం వద్దు. రాతలో గొంతు వినబడదు, స్క్రీన్‌షాట్ మాత్రం మిగులుతుంది. ఆమె వంట చేస్తున్నప్పుడో, లాగిన్‌కి పావుగంట ముందో, ఇంట్లో చుట్టాలున్నప్పుడో కూడా వద్దు. నాకు తోచినంతలో అన్నిటికన్నా మంచిది ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోవడం. ఎదురెదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది. నడుస్తుంటే కళ్ళల్లోకి చూడాల్సిన పని లేదు, మాట ఆగినా ఇబ్బందిగా ఉండదు. ఆదివారం సాయంత్రం కాలనీ పార్కు చుట్టూ రెండు మూడు రౌండ్లు చాలు. బండి మీద వెళ్తూ మాత్రం ఎత్తకండి, సగం మాటలు గాలికి పోతాయి, ట్రాఫిక్‌లో కోపం బ్రేకు మీద చూపించే ప్రమాదమూ ఉంది.

పిలిచేటప్పుడు "నీతో ఒక విషయం మాట్లాడాలి" అని మెసేజ్ పెట్టి వదిలేయకండి. సాయంత్రం దాకా టెన్షన్ పెట్టడం తప్ప దానివల్ల ప్రయోజనం లేదు. బయల్దేరేముందు, "నడిచొద్దామా? ఇంట్లో పనుల గురించి ఒకటి మాట్లాడుకుందాం" అంటే సరిపోతుంది.

ఎత్తుకోవడం ఎలా

మొదటి నాలుగైదు వాక్యాలు ముందే అనుకుని వెళ్ళండి. అందులో నాలుగు సంగతులు, ఈ వరసలో ఉండాలి. ఎలా విన్నారో. ఏం విన్నారో, ఆమె మాటల్లోనే. అందులో మీరు ఒప్పుకునేది. మీరు అడిగేది. సరిత ఇలా అందనుకోండి.

"మాధవీ, మొన్న రాత్రి నీళ్ళకని వంటింట్లోకి వస్తే నువ్వు బాల్కనీలో శైలుతో మాట్లాడుతున్నావు. కావాలని వినలేదు గానీ, నా గురించి అన్నది చెవిన పడింది. సరుకులన్నీ నువ్వే తెస్తున్నావని, ఏమన్నా అంటే నేను మొహం మాడ్చుకుంటానని అన్నావు. విన్నప్పుడు బాధేసింది. తర్వాత బిల్లులు తీసి చూస్తే సరుకుల మాట నిజమే, ఆరు నెలల్లో నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అది సరిచేస్తాను. కానీ ఇలాంటిది ఏదైనా ఉంటే ముందు నాకే చెప్పవే."

చదవడానికి పెద్దగా అనిపిస్తుంది గానీ, చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఇందులో కొన్ని చోట్ల జాగ్రత్తగా ఎంచుకున్న మాటలున్నాయి.

"చెవిన పడింది" అని చెప్పడం ముఖ్యం. చాలామంది ఇక్కడ భయపడి "ఎవరో చెప్పారు" అంటారు. అది అబద్ధం, పైగా అన్నిటికన్నా ప్రమాదమైన అబద్ధం. ఆ మాట విన్నదంటే మాధవి మిగతాదేదీ వినదు, "ఎవరు చెప్పారు?" అన్నదే ఆమెకు మిగులుతుంది. ఫోన్లో ఉన్నది శైలజ ఒక్కతే కాబట్టి, ఏ పాపమూ ఎరగని శైలజ మీద పడుతుంది నింద. వంటింట్లో నిలబడి విన్నానని ఒప్పుకోవడం కొంచెం చిన్నతనంగా ఉంటుంది, ఉండనివ్వండి.

"బాధేసింది" ఒక్కసారి చాలు. రాత్రంతా నిద్రపట్టలేదు, అన్నం సహించలేదు, మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను అని పేర్చుకుంటూ పోతే, మాధవి మిమ్మల్ని ఓదార్చడంలో పడిపోతుంది. మరి ఆమె ఫిర్యాదే అది కదా, ఏమన్నా అంటే మొహం మాడ్చుకుంటుందని.

"నువ్వు ఇలాంటిదానివని అనుకోలేదు", "నీకోసం నేనెంత చేశాను" ఈ రెండూ నోటి చివరికి వస్తాయి. మింగేయండి. మొదటిది ఆమె స్వభావానికి తీర్పు. రెండోది కొత్త లెక్కల పుస్తకం తెరవడం. ఆ పుస్తకంలో ఆమె వైపు పేజీలూ ఉంటాయి.

ఒప్పుకోవాల్సింది నిజంగా ఉంటేనే ఒప్పుకోండి. ఆమెను మంచి చేసుకోవడానికి లేని తప్పు నెత్తిన వేసుకుంటే, తర్వాత మీరే దాన్ని మనసులో పెట్టుకుంటారు. వంట, గిన్నెలు తనే చేస్తోందన్న సంగతి సరిత మొదటి మాటల్లో ఎత్తలేదు, గమనించారా? అది నిజమే, చెప్పాల్సిందే, కానీ తర్వాత. మొదటే చెబితే ఒప్పుకున్న మాట కాస్తా వాదనగా మారుతుంది.

మగపిల్లల మధ్య ఇది ఇంకోలా నడుస్తుంది. "ఒరేయ్, మొన్న నువ్వు వాడితో అంటుంటే విన్నాన్రా, బిల్లు వచ్చేసరికి నేను ఫోన్ పట్టుకుని బయటికి పోతానన్నావ్" అని నవ్వుతూ మొదలుపెడతారు, అవతలివాడు నవ్వేస్తాడు, విషయం నవ్వులో కలిసిపోతుంది. నవ్వుతూ మొదలుపెట్టడంలో తప్పులేదు. అడిగే మాట దగ్గర మాత్రం నవ్వు ఆపి, "జోక్ కాదురా, నిజంగానే అడుగుతున్నా, ఈసారి నాకే చెప్పు" అనాలి. ఇక ఆ మనిషి మీరు అక్కా, అన్నా అని పిలిచే పెద్దవాళ్ళైతే, ఎత్తిచూపినట్టు ఉండకుండా మీ లోపం దగ్గర మొదలుపెట్టండి. "అక్కా, సరుకుల దగ్గర నేను సరిగ్గా లేనని మీకు అనిపిస్తోందని అర్థమైంది. మొన్న మీరు ఫోన్లో అంటుంటే వినబడింది. నాతోనే చెప్పండక్కా, నేనేమీ అనుకోను" అంటే మర్యాద తప్పదు, విషయమూ దాగదు.

చెప్పాక ఆగండి

అర నిమిషం మాట్లాడారు కదా, ఇక నోరు మూసుకోవాలి. ఇదే కష్టం. ఆమె ఒక్క క్షణం ఏమీ మాట్లాడకపోతే మనకు కంగారు పుట్టి "పర్లేదులే, నేనేం సీరియస్‌గా తీసుకోలేదు" అనేస్తాం. అలా అంటే మీరు చెప్పినదంతా మీరే వెనక్కి తీసుకున్నట్టు. పార్కులో ఒక మలుపు తిరిగేదాకా ఆగండి.

ఆమె నుంచి వచ్చే మొదటి మాట సాధారణంగా మంచిది కాదు. దొరికిపోయిన మనిషి మాట అది, దాన్ని బట్టి ఆమెను తూచకండి. ఎక్కువగా వచ్చేవి ఇవి.

"నీ గురించి కాదే, ఆఫీసులో అమ్మాయి గురించి." దొరికిపోయినట్టు మీ ఇద్దరికీ తెలుసు. కోర్టులో లాగా నిరూపించే పని పెట్టుకోకండి. "సరే, ఎవరి గురించైనా కానీ, సరుకుల సంగతి మన ఇంట్లో నిజమే కదా. అది మాట్లాడుకుందాం" అంటే ఆమెకు పరువూ దక్కుతుంది, విషయమూ ముందుకు సాగుతుంది.

"చాటుగా వింటున్నావా నువ్వు?" కోపం కంటే సిగ్గు ఎక్కువున్న మాట ఇది. "విన్నప్పుడు అక్కడే పలకరించాల్సింది, నాకు తోచలేదు" అని ఒక్క మాట చెప్పి, మళ్ళీ విషయానికి రండి. బాల్కనీ తలుపు ఎందుకు తీసి ఉందన్న చర్చలోకి దిగితే ఇద్దరూ గంటసేపు తలుపు గురించే మాట్లాడుకుంటారు.

ఏడుపు, వరసపెట్టి సారీలు. ఇది పైకి సుఖంగా కనిపించే చిక్కు. ఆమె పదిసార్లు సారీ చెబుతుంది, మీరు పదిసార్లు పర్లేదంటారు, ఇద్దరూ మిర్చి బజ్జీ తిని ఇంటికి వస్తారు. సరుకుల సంగతి అలాగే ఉంటుంది. "సారీ వద్దులే, నువ్వన్నదాంట్లో నిజముంది. ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పు" అని మీరే విషయాన్ని మళ్ళించాలి.

కొందరు మాత్రం ఉన్నదున్నట్టు పలుకుతారు. "అవును అన్నాను, ఎన్నిసార్లని చెప్పాలి?" మాధవి ఇలా అందనుకోండి. సరితకి గుర్తున్నంతవరకు ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ "నువ్వెప్పుడు చెప్పావ్?" అంటే వాదన. "ఎప్పుడు చెప్పావో గుర్తు చెయ్యి, నాకు తట్టలేదు" అంటే సమాచారం. అలా అడిగితే తెలిసింది: "నూనె అయిపోయింది" అని రెండుసార్లు, "రేపు నాకు లేట్ అవుతుంది" అని ఒకసారి మాధవి అంది. ఆమె దృష్టిలో అవి నువ్వు తెచ్చిపెట్టమని అడగడమే. సరిత చెవికి అవి ఊరికే కబుర్లు. మన ఇళ్ళలో పనులు చెప్పే తీరే ఇది, "చెత్త డబ్బా నిండిపోయింది" అని గాల్లోకి అనడం. అమ్మ అంటే అర్థమవుతుంది, ఫ్లాట్‌మేట్ అంటే అర్థం కాదు.

నేరుగా చెప్పమని అడగడం

"ఏదైనా ఉంటే ముఖం మీదే చెప్పు" అని స్నేహితులంతా ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎవరూ చెప్పరు. ఆ మాటలో ఎప్పుడు చెప్పాలో లేదు, ఎలా చెప్పాలో లేదు, చెబితే మీరు ఏం చేస్తారో అసలే లేదు. ఈ మూడూ కలిపి అడగాలి.

ఎప్పుడు: "మనసులో అనిపించిన రెండు మూడు రోజుల్లో చెప్పు, నెలలు దాచకు." అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని పెద్దలు అన్నది అప్పులు, ఒప్పందాల విషయంలోనే అనుకుంటాం గానీ, గిన్నెలు, సరుకుల విషయంలోనే ఎక్కువ పనికొస్తుంది. మొదటివారంలో చెబితే అది నూనె ప్యాకెట్ సంగతి. ఆరు నెలలు ఆగితే "ఏ పనీ చేయదు" అవుతుంది.

ఎలా: మాధవికి మొహం చూసి చెప్పడమే కష్టమైతే వేరే దారి ఇవ్వండి. "ఎదురుగా చెప్పలేకపోతే వాట్సాప్‌లో ఒక్క లైన్ పెట్టు, 'ఈ వారం సరుకులు నువ్వు తే' అని. చాలు." మీ మొదటి మాట వాట్సాప్‌లో వద్దన్నాను, ఇది వేరు. చిన్న పని అడగడానికి రాత బాగానే పనికొస్తుంది.

మీరేం చేస్తారు: సరిత తన మొహం సంగతి తేల్చుకోవాల్సింది ఇక్కడే. "నువ్వు చెప్పిన వెంటనే నా మొహం మారొచ్చు, అది నా చేతిలో లేదు. కానీ ఎదురు చెప్పను, రెండు రోజులు ముభావంగా తిరగను. ఆ రాత్రికల్లా నేనే వచ్చి మాట్లాడతాను." మొహం మాడ్చుకోనని మాట ఇవ్వకండి, అది నిలబెట్టుకోలేరు. తర్వాత ఏం చేస్తారన్నది మీ చేతిలో ఉంది, దానికి మాట ఇవ్వండి.

ఒక హద్దు కూడా ఉంది. ఇక ఎవరితోనూ నా గురించి మాట్లాడకు అని అడగలేరు. ఇంట్లో చికాకు వస్తే మనిషి ఎవరో ఒకరితో చెప్పుకుంటుంది, మీరూ చెప్పుకుంటారు. అడగగలిగింది వరస మార్చమని. "శైలుకి చెప్పొద్దనను. ముందు నాకు చెప్పు, నేను మారకపోతే అప్పుడు ఎవరికైనా చెప్పుకో." దాంతోపాటే, "నా వైపు నుంచి ఒకటుంది, ఇప్పుడు చెప్పనా?" అని వంట, గిన్నెల సంగతి ఎత్తొచ్చు. సరిత అది ఎత్తాక ఇద్దరూ కలిసి తేల్చుకున్నది చిన్న మార్పే: నెల మొదటి శనివారం పెద్ద సరుకులు సరిత తెస్తుంది, మధ్యలో పాలు కూరగాయలు మాధవి, ఆదివారం వంట మాధవిది. ఫ్రిజ్ మీద కాగితం ఒకటి అంటించి, ఏది అయిపోతే అది రాస్తారు. ఇక "నూనె అయిపోయింది" అని గాల్లోకి అనాల్సిన పని లేదు.

మొదటిసారి నేరుగా చెప్పినప్పుడు

మీరు అడిగింది ఫలించిందో లేదో పార్కులో తెలియదు. కొన్ని రోజులకో వారాలకో మాధవి వచ్చి, కొంచెం తడబడుతూ, "ఏమనుకోకు, నువ్వు రాత్రిపూట ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడితే నాకు నిద్రపట్టట్లేదే" అంటుంది. అప్పుడు తెలుస్తుంది. ఆ మాట మీకు అన్యాయంగా కూడా అనిపించవచ్చు. అయినా ఆ నిమిషంలో "సరే, ఇవాళ్టి నుంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటా" అనడమో, "కొంచెం ఆలోచించి చెప్తా" అనడమో తప్ప ఇంకేమీ వద్దు. వాదించాల్సింది ఉంటే మర్నాడు. మొదటిసారే ఎదురుదెబ్బ తగిలితే రెండోసారి ఆమె శైలజకే ఫోన్ చేస్తుంది, ఈసారి బాల్కనీ తలుపు వేసుకుని.

దీన్ని పాడుచేసేది కోపం కంటే ఎక్కువగా వెటకారం. "అబ్బో, డైరెక్ట్‌గా చెప్పావే, శైలుకి చెప్పలేదా ముందు?" అని సరదాకి అన్నా సరే, ఆమెకు ముల్లులా గుచ్చుకుంటుంది. నలుగురు స్నేహితులు కూర్చున్నప్పుడు "దీని ముందు జాగ్రత్త, ఫోన్లో అన్నీ చెప్పేస్తుంది" అనడం ఇంకా ఘోరం. పార్కులో మాట్లాడుకున్నది మీ ఇద్దరిదే.

నెల గడిచినా ఆమె నుంచి ఒక్క ఫిర్యాదూ రాకపోతే, అంతా బాగుందని వెంటనే సంబరపడకండి. "ఇంట్లో నీకు చిరాకు పుట్టించేది ఒక్కటి చెప్పు, చిన్నదైనా పర్లేదు" అని మీరే అడగండి. "ఏం లేదు" అంటే ఒకసారి నమ్మండి, రెండు వారాలాగి మళ్ళీ అడగండి. ఒకవేళ ఇంకోసారి అదే తరహా మాట మీ చెవిన పడితే, ఈసారి పెద్ద ప్రసంగం అక్కర్లేదు. "మాధవీ, మళ్ళీ విన్నాను. ముందు నాకే చెబుతానన్నావు" అని చాలు. మూడోసారి కూడా అదే జరిగితే అడగడం ఆపేయండి. ఆమె చెడ్డదని అనుకోనక్కర్లేదు, నేరుగా చెప్పడం ఆమెకు చేతకాదని అర్థం చేసుకోండి. ఇంటి పనులు కాగితం మీద పెట్టుకుని నడిపించండి, మనసులోని మాటలు చెప్పుకోవడానికి వేరే స్నేహితులను చూసుకోండి. కలిసి ఉండటానికి అది అడ్డం కాదు.

ఇక శైలజ. ఎప్పుడో ఒకప్పుడు ఆమెకి సంగతి తెలుస్తుంది, కంగారుగా మీకు ఫోన్ చేస్తుంది: "నేనేమీ అనలేదే, అది చెబుతుంటే విన్నానంతే." మాధవి ఏమందో, మీరేం మాట్లాడుకున్నారో ఆమెకు తిరిగి వినిపించకండి. "తెలుసులే. మేమిద్దరం మాట్లాడేసుకున్నాం, సరుకుల డ్యూటీ ఇప్పుడు నాది" అని చెప్పి, ఆమె ఉద్యోగం ఎలా ఉందో అడగండి.